చెరువు నీటిలో నత్రజని, భాస్వరం నిష్పత్తి 3 వస్తే యూరియా వేయవచ్చా?

«మాది ఆత్మకూరు దగ్గర పల్లె. మా ఊరి చెరువు వందెకరాలు ఉంటుంది, ఇప్పుడు నీళ్లు సగటున మీటరు లోతున్నాయి. ఉగాది దాటితే చాలు, నీళ్లు పచ్చరంగు కలిపినట్టు అయిపోతున్నాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పరీక్ష చేయిస్తే లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన నైట్రేట్ 0.9, ఫాస్ఫేట్ 0.3, అమ్మోనియా నత్రజని 0.15, జెల్డాల్ నత్రజని 2.1, మొత్తం భాస్వరం 0.28 అని వచ్చాయి. 0.9ని 0.3తో భాగిస్తే 3. అది 16 ఉండాలట కదా సార్. నత్రజని తక్కువైతేనే నీలి ఆకుపచ్చ నాచు వస్తుందని, యూరియా వేసి నిష్పత్తి పెంచితే పోతుందని ఒకాయన చెప్పారు. ఎన్ని బస్తాలు వేయాలి?»

ఒక్క బస్తా కూడా వేయవద్దు. మీ రిపోర్టు అక్కరకు వచ్చేదే, కానీ ఆ అంకెలతో కట్టిన 3 అనే నిష్పత్తికి అర్థం లేదు. పైగా, సరిగ్గా కట్టిన నిష్పత్తి కూడా యూరియా వేయమని చెప్పడం లేదు. ఎందుకో వరుసగా చెబుతాను.

ముందుగా లెక్క సరిచేద్దాం. రిపోర్టులో నైట్రేట్ అని రాసిన 0.9 మిల్లీగ్రాములలో ఆక్సిజన్ బరువు కూడా కలిసి ఉంది. నైట్రేట్ అణువు బరువు 62, అందులో నత్రజని 14 మాత్రమే. కాబట్టి 0.9ని 14తో గుణించి 62తో భాగిస్తే అసలు నత్రజని 0.20 అవుతుంది. ఫాస్ఫేట్ సంగతీ ఇంతే. 95లో భాస్వరం 31, అంటే 0.3 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్‌లో ఉన్న భాస్వరం 0.098. ఈ రెండింటి నిష్పత్తి బరువులో సుమారు 2. అయితే మీరు పోల్చిన 16 బరువుల నిష్పత్తి కాదు, పరమాణువుల లెక్క. భాస్వరం పరమాణువు నత్రజని పరమాణువు కంటే 2.21 రెట్లు బరువైనది కనుక, బరువు నిష్పత్తిని 2.21తో గుణిస్తేనే పరమాణు నిష్పత్తి వస్తుంది. అలా చూస్తే మీ 2 కాస్తా 4.6 అవుతుంది. మరో విధంగా చెప్పాలంటే, 16ను బరువులో రాస్తే 7.2. ఒకరు 7 అని, మరొకరు 16 అని వాదించుకుంటూ చివరికి ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారని తెలుసుకున్న సందర్భాలు నేను చాలా చూశాను. రిపోర్టు తెచ్చేటప్పుడు «నైట్రేట్ రూపంలోనా, నత్రజని రూపంలోనా» అని ల్యాబ్ వారిని అడిగి కాగితం మీదే రాయించుకోండి. మన నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువుల కోసం పనిచేసే ల్యాబులలో రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి.

ఇంకొక లోపం అమ్మోనియాను వదిలేయడం. నాచు నైట్రేట్‌నే కాదు, అమ్మోనియాను కూడా తింటుంది, చాలావరకు ముందు దానినే ఎంచుకుంటుంది. దానిని కలిపితే నీటిలో కరిగి వెంటనే అందుబాటులో ఉన్న నత్రజని 0.35 అవుతుంది, పరమాణు నిష్పత్తి 8కి చేరుతుంది. ఇక నాచు కణాలలో ఇప్పటికే ఉన్నదానితో సహా మొత్తం చూస్తే, సేంద్రియ నత్రజని, అమ్మోనియా రెండూ కలిసిన జెల్డాల్ విలువకు నైట్రేట్ నత్రజనిని కలిపి మొత్తం నత్రజని 2.3, మొత్తం భాస్వరం 0.28. వీటి పరమాణు నిష్పత్తి 18. ఒకే బకెట్టు నీటికి 3, 4.6, 8, 18 అని నాలుగు జవాబులు వచ్చాయి. వీటిలో మొదటిది తప్పు, రెండవది అసంపూర్ణం. మిగిలిన రెండూ సరైనవే కాని అవి చెప్పే సంగతులు వేరు. కరిగిన రూపాల నిష్పత్తి ఈ రోజు నాచు తినగా పళ్లెంలో మిగిలిన దానిని చూపుతుంది. మొత్తాల నిష్పత్తి పళ్లెంలోదీ కడుపులోదీ కలిపి చూపుతుంది.

16 అనే అంకె ఎక్కడిదో తెలిస్తే దానిని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934లో సముద్రపు నీటిలోని పోషకాలను, అందులో తేలే సూక్ష్మజీవుల శరీరాలను పోల్చి, రెండింటిలోనూ నత్రజని, భాస్వరాల పాళ్లు దగ్గరగా ఉన్నాయని గమనించారు. తర్వాత అది కర్బనం 106, నత్రజని 16, భాస్వరం 1 అని స్థిరపడింది. అది మహాసముద్రాల సగటు. ఒక్కొక్క జాతి నాచుకు సరైన నిష్పత్తి 8 నుంచి 45 దాకా మారవచ్చని 2004లో క్లౌస్‌మయర్, ఆయన సహచరులు లెక్కగట్టారు. వేగంగా పెరిగే కణానికి ప్రోటీను తయారుచేసే రైబోసోములు ఎక్కువ కావాలి, వాటిలో భాస్వరం ఎక్కువ, కాబట్టి దాని నిష్పత్తి తక్కువ. వనరులు కరువై నెమ్మదిగా బతికే కణంలో ప్రోటీన్ల పాలు ఎక్కువ, అందుకే దాని నిష్పత్తి ఎక్కువ. అంటే 16 గీత మీద నిలబడి ఇటు నత్రజని కొరత, అటు భాస్వరం కొరత అని తీర్పు చెప్పడం కుదరదు. సరస్సుల మీద గిల్డ్‌ఫోర్డ్, హెకీ 2000లో చేసిన విశ్లేషణ నాకు ఎక్కువ పనికొచ్చింది. మొత్తాల పరమాణు నిష్పత్తి 20కి తక్కువైతే నత్రజని కొరత, 50కి పైనైతే భాస్వరం కొరత, మధ్యలో ఉంటే ఏదైనా కావచ్చునని వారు తేల్చారు. మీ 18 నత్రజని వైపే ఉంది, కానీ గీతకు ఆనుకొని ఉంది. పైగా మొత్తం నత్రజనిలో కుళ్లిన ఆకులు, పేడ నుంచి వచ్చి నాచుకు సులభంగా జీర్ణం కాని సేంద్రియ నత్రజని కూడా కలిసి ఉంటుంది కాబట్టి, నిజంగా ఉపయోగపడే నిష్పత్తి 18 కంటే తక్కువే అని నా అంచనా. అంటే మీ చెరువు నత్రజని కొరత వైపు మొగ్గి ఉందన్న మాట వరకు ఒప్పుకుంటాను.

మొగ్గి ఉండటం వేరు, కొరత పడటం వేరు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అన్నం, పప్పు రెండూ గుండిగల నిండా ఉన్నప్పుడు, వాటి నిష్పత్తి ఎంతైనా పంక్తిలో ఎవరూ ఆకలితో లేవరు. కరిగిన భాస్వరం లీటరుకు సుమారు 10 మైక్రోగ్రాములకు, కరిగిన నత్రజని సుమారు 100 మైక్రోగ్రాములకు దిగితేనే నాచు పెరుగుదల కుంటుపడుతుందని స్థూలంగా అనుకుంటాం. మీ నీటిలో కరిగిన భాస్వరం 98 మైక్రోగ్రాములు, నత్రజని 350. రెండూ మిగులే. మరి నాచును ఆపుతున్నది ఏది? వెలుతురు. నీరు అంత చిక్కబడ్డాక పై కణాలు కింది కణాలకు ఎండ తగలనివ్వవు. అడుగున సున్నం రాసిన తెల్లటి పళ్లేన్ని తాడుకు కట్టి దించి చూడండి, ఒక జానెడు, జానెడున్నర లోతులోనే కనబడకుండా పోతే నా మాట నిజమన్నట్టే. ఆ స్థితిలో నిష్పత్తి నాచుకు దేని కొరత ఉందో చెప్పదు. నాచు పెరగకముందు, అంటే నీరు ఇంకా తేటగా ఉన్నప్పుడు తీసిన నమూనాతోనే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

వేసవిలో ఈ నిష్పత్తి ఎందుకు పడిపోతుందో చూస్తే యూరియా సలహా ఎక్కడ దారి తప్పిందో అర్థమవుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు కలుజు పారేటప్పుడు చెరువులోకి వచ్చే నీరు పొలాల మీదుగా వస్తుంది. నైట్రేట్ మట్టిని అంటిపెట్టుకోదు, నీటితో సులభంగా కొట్టుకొస్తుంది. భాస్వరం మట్టి రేణువులను గట్టిగా పట్టుకొని, ఒండ్రుతో పాటు వచ్చి అడుగున చేరుతుంది. అందువల్ల నీరు తేరుకున్నాక, సంక్రాంతి ప్రాంతంలో కరిగిన రూపాల నిష్పత్తి సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. పొలాలకు వేసే డి.ఎ.పి. ఎరువులో నత్రజని 18 పాళ్లు, భాస్వరం పెంటాక్సైడ్ 46 పాళ్లు, అంటే అసలు భాస్వరం 20 పాళ్లు. బరువు నిష్పత్తి ఒకటి కూడా లేదు. అయినా చెరువు నీటిలో ఆ నిష్పత్తి కనబడకపోవడానికి కారణం ఈ మట్టి పట్టే.

ఆ తర్వాత నత్రజనికి బయటికి పోయే దారి ఉంది, భాస్వరానికి లేదు. అడుగు బురదలో ఆక్సిజన్ లేనిచోట ఉండే సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. నీరు వెచ్చబడి, లోతు తగ్గి బురదకు దగ్గరైన కొద్దీ ఈ పని జోరందుకుంటుంది. అదే సమయంలో రాత్రిళ్లు అడుగున ఆక్సిజన్ అయిపోతే, ఇనుముతో కట్టుబడి బురదలో నిద్రపోతున్న భాస్వరం విడివడి నీటిలోకి వస్తుంది. అడుగున మేసే చేపలు బురదను కెలకడం, గేదెలు దిగి పొర్లడం కూడా దీనికి తోడవుతాయి. ఒకటి పోతూ ఇంకొకటి వస్తూ ఉంటే నిష్పత్తి పడిపోక ఏమవుతుంది? ఎండకు నీరు ఆవిరై పోషకాలు చిక్కబడటం వల్ల నిష్పత్తి మారిందని కొందరు చెబుతారు, అది తప్పు. నీరు సగమైతే రెండూ రెట్టింపు అవుతాయి, నిష్పత్తి కదలదు. గాఢత పెరిగి నిష్పత్తి అలాగే ఉంటే ఆవిరి, నిష్పత్తి కూడా పడితే బురద అని ఈ రెండింటినీ విడదీసి చూడవచ్చు.

ఇప్పుడు మీకు సలహా ఇచ్చిన వారి మాటకు వస్తాను. నిష్పత్తి తక్కువగా ఉన్న సరస్సులలో నీలి ఆకుపచ్చ నాచు ఎక్కువగా ఉంటుందని 1983లో వాల్ స్మిత్ చూపారు. బరువు నిష్పత్తి 29 దాటిన చోట అది అరుదని ఆయన గమనించారు. మీకు వచ్చిన సలహా మూలం బహుశా అదే. కానీ నీలి ఆకుపచ్చ నాచు అంతా ఒకటి కాదు. మన రైతులు వరి మడిలో వేసుకునే రకానికి గాలిలోని నత్రజనిని పట్టే శక్తి ఉంది. వేసవిలో చెరువుల మీద చిక్కగా తేలే మైక్రోసిస్టిస్‌కు ఆ శక్తి లేదు, అది నీటిలో దొరికే నత్రజని మీదే బతుకుతుంది. కళాశాల ల్యాబులో 400 రెట్లు చూపే సూక్ష్మదర్శిని కింద ఒక్క చుక్క పెట్టండి. పూసల దండ లాంటి దారంలో అక్కడక్కడ కాస్త పెద్దదై, గోడ మందమై, లోపల ఖాళీగా కనబడే కణం ఉంటే అది నత్రజనిని పట్టే రకం. దారం కాకుండా, ఆకారం లేని జిగురు ముద్దలో సన్నని ఆవగింజలు గుచ్చినట్టు కణాలు కనబడితే మైక్రోసిస్టిస్. రెండవదైతే యూరియా దానికి నేరుగా మేత అవుతుంది. అది తయారుచేసే మైక్రోసిస్టిన్ అనే విషంలో సర్వసాధారణమైన రకం ఒక్కొక్క అణువులో 10 నత్రజని పరమాణువులు ఉంటాయి. నత్రజని అందితే ఆ విషం కూడా పెరగవచ్చు. అదే నీరు గేదెలు తాగుతాయి.

బస్తాల సంఖ్య అడిగారు కాబట్టి, వేయడానికి కాదు, తెలుసుకోవడానికి లెక్క కడదాం. వందెకరాలు మీటరు లోతున నాలుగు లక్షల ఘనపు మీటర్ల నీరు. మొత్తం భాస్వరం 0.28 ఉండగా బరువు నిష్పత్తి 29 కావాలంటే మొత్తం నత్రజని 8.1 ఉండాలి, ఇప్పుడున్నది 2.3. లీటరుకు 5.8 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు లక్షల ఘనపు మీటర్లకు 2,300 కిలోలకు పైగా నత్రజని కావాలి. యూరియాలో 46 శాతమే నత్రజని కనుక అయిదు టన్నులు, 45 కిలోల బస్తాలు 112. ఖర్చు సంగతి పక్కన పెట్టండి. ఆ యూరియా కొద్ది రోజులలో అమ్మోనియాగా మారుతుంది. చిక్కటి నాచు ఉన్న నీటిలో మధ్యాహ్నానికి పి.హెచ్. 9 దాటడం మామూలే. 9.3 పి.హెచ్., 30 డిగ్రీల వేడి దగ్గర అమ్మోనియాలో సగానికి పైగా చేపలను చంపే వాయు రూపంలో ఉంటుంది. తెల్లవారుజామున నోరు తెరుస్తున్న మీ చేపలు ఆ మధ్యాహ్నం దాటి బతకవు.

పోనీ నత్రజని తగ్గించి చూద్దామా అని మీకు అనిపించవచ్చు. కెనడాలోని ఒంటారియోలో ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సులలో డేవిడ్ షిండ్లర్ బృందం ఈ పనే చేసింది. 1973లో 226వ నంబరు సరస్సును మధ్యలో తెరతో రెండుగా విడదీసి, ఒక భాగంలో కర్బనం, నత్రజని మాత్రమే వేశారు, రెండవ భాగంలో వాటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన భాగమే పచ్చబడింది. 227వ సరస్సులో 1990 నుంచి నత్రజని వేయడం ఆపి భాస్వరం మాత్రం కొనసాగించినా నాచు తగ్గలేదు, గాలి నుంచి నత్రజనిని పట్టే జాతులు ఆ లోటు పూడ్చాయి. ఈ ఫలితం లోతు తక్కువైన, వెచ్చటి, బురద చురుకుగా ఉండే చెరువులకు ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై శాస్త్రవేత్తలలో తగాదా ఉంది. గాలి నుంచి పట్టిన నత్రజని బురదలో పోయినంత వేగంగా తిరిగి నిండదని, రెండింటినీ తగ్గించాలని వాదించేవారున్నారు. మన చెరువుల విషయంలో నేను వారి వైపు ఉంటాను. అయితే ఆ రెండు వర్గాలలో ఎవరూ నత్రజని అదనంగా వేయమనరు.

మీ చెరువుకు దేని కొరతో నిజంగా తేల్చుకోవాలంటే నిష్పత్తితో ఆగకుండా సీసాల పరీక్ష చేయండి. ఖర్చు ఎక్కువ కాదు. లీటరు పట్టే పారదర్శకమైన సీసాలు 12 తీసుకోండి. సబ్బుపొడితో మాత్రం కడగవద్దు. ఒకసారి నేను అలా కడిగించి, ఏమీ కలపని సీసాలు కూడా భాస్వరం కలిపిన వాటితో సమానంగా పచ్చబడితే, రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. సబ్బుపొడిలోని ఫాస్ఫేట్ గోడలకు అంటుకొని ఉండిపోయింది. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, చెరువు నీటితో మూడుసార్లు తొలిచితే సరిపోతుంది. నాచును మేసే నీటి పురుగులు రాకుండా చెరువు నీటిని సన్నని వలగుడ్డలో వడకట్టి సీసాలు నింపండి. పొటాషియం నైట్రేట్ 7.22 గ్రాములు లీటరు స్వేదన జలంలో కరిగిస్తే, ఆ ద్రావణం ఒక్క మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము నత్రజని ఉంటుంది. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.61 గ్రాములు లీటరులో కరిగిస్తే మిల్లీలీటరుకు 0.14 మిల్లీగ్రాముల భాస్వరం. మూడు సీసాలలో ఏమీ కలపకండి, మూడింటిలో మొదటి ద్రావణం ఒక మిల్లీలీటరు, మూడింటిలో రెండవది ఒక మిల్లీలీటరు, చివరి మూడింటిలో రెండూ అంతే చొప్పున కలపండి. కాస్త ఖాళీ ఉంచి మూతలు బిగించి, చెరువులో పాతిన సరుగుడు కర్రకు కట్టి, నీటి మట్టానికి జానెడు కింద నాలుగు రోజులు వేలాడదీయండి.

తీసిన రోజున ఒక్కొక్క సీసాలోంచి సమానమైన నీటిని వడపోత కాగితంలో పోసి, కాగితాల పచ్చదనాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. వీలైతే కళాశాలలో అసిటోనుతో పచ్చదనాన్ని తీయించి క్లోరోఫిల్ కొలిపించండి. నత్రజని సీసాలు, రెండూ కలిపిన సీసాలు మాత్రమే పచ్చబడితే నత్రజని కొరత. భాస్వరానికీ అదే తీరు. రెండూ కలిపినవి మాత్రమే పచ్చబడితే రెండూ ఒకేసారి తక్కువగా ఉన్నాయని అర్థం, మన చెరువులలో ఇది అరుదు కాదు. అన్నీ ఒకేలా ఉంటే పోషకాలు మిగులు, వెలుతురు సంగతి చూడాలి. ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. సీసాలో బురద లేదు, కాబట్టి బురద నుంచి వచ్చే భాస్వరం, బురదలో పోయే నత్రజని అందులో కనబడవు. అందుకే నాలుగు రోజులకు మించి ఉంచినా సమాచారం పెరగదు, సీసాలో నాచు చెరువు నాచులా ప్రవర్తించడం మానేస్తుంది.

ఈ పరీక్షను సంక్రాంతి వెళ్లాక నీరు తేటగా ఉన్నప్పుడు ఒకసారి, మార్చిలో నీరు పచ్చబడటం మొదలైన మొదటి వారంలో ఒకసారి చేయండి. ఆ రెండు రోజులలోనే ల్యాబుకు కూడా నమూనా తీయండి. కట్ట పక్కన, తూము దగ్గర కాకుండా పుట్టిలో లోపలికి వెళ్లి, మోచేతి లోతున తీసి, కరిగిన రూపాల కోసం అక్కడికక్కడే 0.45 మైక్రాన్ వడపోతతో వడకట్టి, ఐసు పెట్టెలో ఉంచి అదే రోజు చేర్చండి. వడకట్టకుండా ఎండలో బస్సెక్కి వచ్చిన డబ్బాలో నాచు దారి పొడవునా తింటూ, చస్తూ ఉంటుంది. అప్పుడు నెల్లూరులో కొలిచేది ఆ డబ్బా నీటిని, మీ చెరువు నీటిని కాదు. ల్యాబు వారు ఫాస్ఫేట్‌ను ఎంత తక్కువ దాకా కొలవగలరో కూడా అడగండి. రొయ్యల చెరువులకు వాడే రంగు మార్పు కిట్లు 0.05 దగ్గరే చేతులెత్తేస్తే, జనవరిలో తేటనీటికి «లేదు» అని రాసి ఇస్తారు, ఆ «లేదు»ను సున్నాగా తీసుకొని భాగించలేరు.